టెస్ట్ ఆటోమేషన్ లెక్క: 13,200 గంటలు ఎక్కడ పోయాయి (ప్రాజెక్టు డైరీ)

లోన్ ఖాతాలు నడిపే ఒక వెబ్ అప్లికేషన్. బ్రాంచిలో కొత్త లోన్ తెరవడం, ఈఎంఐ జమ చేయడం, పార్ట్ పేమెంట్, రోజు చివర క్లోజింగ్, ఇవి ప్రధానమైన పనులు. రెండు వారాలకో రిలీజ్ చొప్పున ఏడాదికి 24 రిలీజులు. ప్రతి రిలీజుకు ముందు ఇద్దరు టెస్టర్లు రిగ్రెషన్, అంటే కొత్త మార్పుల వల్ల పాత పనులేవీ చెడలేదని చూసే పరీక్ష, చేతితో చేస్తారు. ఆటోమేషన్‌కు డబ్బు అడుగుతూ తయారైన ఎక్సెల్ షీటును పక్కన పెట్టి, మొదటి నుంచి కొలిచి మళ్లీ కట్టిన లెక్క ఇది. అంకెలు ఈ ఒక్క ప్రాజెక్టువి. వేరే చోట అంకెలు మారతాయి, కొలిచే పద్ధతి మాత్రం అదే.

## దశ 0: పాత షీటులో ఏముంది

పాత షీటులో మూడే వరుసలు:

1. రిగ్రెషన్ కేసులు 412, ఒక్కోదానికి 8 నిమిషాలు. ఒక రన్‌కు 55 గంటలు.
2. ఆటోమేట్ చేస్తే ప్రతి రాత్రీ నడుస్తుంది. ఏడాదికి 240 రన్లు.
3. 55 × 240 = 13,200 గంటలు ఆదా. టెస్టర్ గంట ₹600 చొప్పున ₹79,20,000.

ఇద్దరు టెస్టర్లు ఏడాదంతా కలిసి పని చేసినా 4,000 గంటలు దాటదు. వాళ్ల పనిలో ఒక భాగాన్ని మెషీన్‌కు ఇస్తే 13,200 గంటలు మిగలడం అసాధ్యం. తప్పు రెండో వరుసలో ఉంది. రాత్రి రన్లు 240 అయినంత మాత్రాన, ఆటోమేషన్ లేకపోతే ఎవరో ఒకరు ఆ 240 సార్లూ చేతితో చేసి ఉండేవారని కాదు. చేతితో చేసేది రిలీజుకు ఒకసారి, బగ్‌లు సరిచేశాక కొంత భాగం మరోసారి. ఆదా అంటే చేతి పని నిజంగా ఎన్నిసార్లు ఆగిపోయిందో అంతే. మెషీన్ ఎన్నిసార్లు నడిచినా ఈ అంకె పెరగదు.

ఎక్కువ రన్ల వల్ల లాభం లేదని దీని అర్థం కాదు. ఆ లాభం బగ్ త్వరగా దొరకడంలో ఉంటుంది, దాన్ని వేరుగా కొలవాలి (దశ 6).

## దశ 1: చేతితో నిజంగా ఎంత చేస్తున్నారు

టెస్ట్ మేనేజ్‌మెంట్ టూల్ నుంచి గత 6 రిలీజుల ఎగ్జిక్యూషన్ రికార్డులు తీశాం. లిస్టులో 412 కేసులున్నా మొదటి రౌండులో సగటున 168 మాత్రమే నడిచాయి. మిగతావి 'రన్ చేయలేదు' అని మిగిలిపోయినవే. అందులో చాలావాటి స్క్రీన్లు ఏడాది కిందటే మారాయి. ఫిక్సుల తరువాత రెండో రౌండులో సగటున 42. మొత్తం రిలీజుకు 210 ఎగ్జిక్యూషన్లు.

సమయం ఎవరినీ అడగలేదు, రెండు రిలీజుల్లో గడియారం పెట్టి కొలిచాం. టెస్టర్ పక్కనే కూర్చుని ఒక్కో కేసును నాలుగు భాగాలుగా రాసుకున్నాం. సగటు 11 నిమిషాలు వచ్చింది, ఇలా:

- డేటా సిద్ధం చేసుకోవడం (లోన్ తెరవడం, మంజూరు చేయడం, డిస్బర్స్ చేయడం): 4.5 నిమిషాలు
- అసలు టెస్టు: 4 నిమిషాలు
- స్క్రీన్‌షాట్లు, రిజల్ట్ రాయడం: 1.5 నిమిషాలు
- లాగిన్, స్క్రీన్ల మధ్య తిరగడం: 1 నిమిషం

210 × 11 నిమిషాలు అంటే 38.5 గంటలు. ఏడాదికి 24 రిలీజులకు 924 గంటలు.

ఇప్పటిదాకా: ఆదా ఎంత గొప్పగా జరిగినా దాటలేని హద్దు 924 గంటలు. పాత షీటు చెప్పినది 13,200.

## దశ 2: ముందు చవకైన మార్గం

పై కొలతలో కళ్లకు కనబడేది డేటా సిద్ధం చేసే 4.5 నిమిషాలు. పార్ట్ పేమెంట్ టెస్టు చేయాలంటే కనీసం మూడు ఈఎంఐలు కట్టిన లోన్ కావాలి. దాన్ని టెస్టర్ ప్రతిసారీ స్క్రీన్ల మీద నుంచే తయారు చేస్తున్నాడు. దీనికి టెస్ట్ ఆటోమేషన్ అక్కర్లేదు, స్క్రీన్లతో పని లేకుండా సర్వర్‌ను నేరుగా ఏపీఐ ద్వారా పిలిచి రకరకాల స్థితుల్లో లోన్లు తయారుచేసే స్క్రిప్టు ఉంటే చాలు.

స్క్రిప్టుకు 60 గంటలు పట్టింది. తొమ్మిది రకాల లోన్లు తయారు చేస్తుంది: కొత్తది, మూడు ఈఎంఐలు కట్టినది, రెండు ఈఎంఐలు బాకీ పడినది, ముందే మూసేసినది, ఇంకా అలాంటివి. దాంతో డేటా సమయం 4.5 నుంచి 1.5 నిమిషాలకు తగ్గింది. కేసు సగటు 11 నుంచి 8 నిమిషాలు. రిలీజుకు 10.5 గంటలు, ఏడాదికి 252 గంటలు.

ఇక్కడ గంట విలువలు చెప్పాలి. టెస్టర్ గంట ₹600, ఆటోమేషన్ రాసేవాళ్లు, డెవలపర్ల గంట ₹900. స్క్రిప్టు ఖర్చు ₹54,000, ఏడాదికి ఆదా ₹1,51,200. నాలుగున్నర నెలల్లోపే ఖర్చు తిరిగొచ్చింది. మొత్తం ప్రాజెక్టులో ఇంత త్వరగా తిరిగొచ్చిన ఖర్చు మరొకటి లేదు, అదేమో టెస్ట్ ఆటోమేషనే కాదు.

ఈ దశ లేకపోతే ఈ 252 గంటలు కూడా ఆటోమేషన్ ఖాతాలో పడిపోయేవి. ఆటోమేషన్‌ను పోల్చాల్సింది నిన్నటి పద్ధతితో కాదు, ఆటోమేషన్ లేకుండానే తేలిగ్గా చేరగల పద్ధతితో.

ఇప్పటిదాకా: పోలికకు మిగిలిన చేతి పని ఏడాదికి 672 గంటలు (రిలీజుకు 28).

## దశ 3: ఏవి ఆటోమేషన్‌కు పనికొస్తాయి

168 కేసులను ఒక్కొక్కటిగా చదివి నాలుగు గుంపులు చేశాం:

1. పనికొచ్చేవి: 96.
2. కళ్లతో చూడాల్సినవి: 31. రసీదు ప్రింటు, బాకీదారుకు పంపే తెలుగు నోటీసు. పీడీఎఫ్‌లో వత్తులు విడిపోయాయా లేదా అన్నది టెక్స్టు పోల్చితే తెలియదు. లోపల అక్షరాలు సరిగ్గానే ఉంటాయి, కాగితం మీద మాత్రం "క్త" బదులు "క్" పక్కన "త" వస్తుంది.
3. బయటి సర్వీసుల మీద ఆధారపడినవి: 23. ఓటీపీ, క్రెడిట్ బ్యూరో రిపోర్టు.
4. రెండు నెలల్లో స్క్రీన్ మారబోతున్నవి: 18.

168లో 96 అంటే 57 శాతం, కాబట్టి 672 గంటల్లో 57 శాతం ఆదా అనుకోవడం సహజమే కానీ తప్పు. ఆటోమేషన్‌కు తేలిగ్గా లొంగేవి చేతితోనూ త్వరగా అయిపోయేవే. ఈ 96 కేసులకు రిలీజుకు 120 ఎగ్జిక్యూషన్లు, సగటు 8 కాదు 7 నిమిషాలు. అంటే రిలీజుకు 14 గంటలు, ఏడాదికి 336.

ఇప్పటిదాకా: హద్దు 336 గంటలు.

## దశ 4: 20 కేసుల పైలట్, మొదటి 8 వారాలు

టూల్ ప్లేరైట్, బ్రౌజర్‌ను స్క్రిప్టుతో నడిపేది. టూల్‌కు లైసెన్సు ఖర్చు లేదు, పని గంటలు మాత్రం ఇలా అయ్యాయి:

1. టెస్టులను రాత్రిళ్లు తనంతట తానే నడిపే సీఐ జాబ్, వేరే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్, లాగిన్, రిపోర్టులు: 110 గంటలు. ఒక్క టెస్టు రాసినా తొంభై రాసినా ఇది తప్పదు.
2. మొదటి 5 టెస్టులు: ఒక్కోటి 9 గంటలు.
3. తరువాతి 5: ఒక్కోటి 6 గంటలు.
4. చివరి 10: ఒక్కోటి 4.5 గంటలు.

టెస్టులకు 120 గంటలు. మొదట వేసిన అంచనా ఒక్కోదానికి 2 గంటలు. చివరి పదింటికి వచ్చిన 4.5 కూడా దానికి రెట్టింపు కన్నా ఎక్కువే. ముందున్న టెస్టులకు 4.5 వాడడం న్యాయం, సగటు 6 వాడితే నేర్చుకున్న ఖర్చు మళ్లీ పడుతుంది.

అసలు సమస్య నడిపేటప్పుడు వచ్చింది. 40 రాత్రుల్లో 20 టెస్టులు, మొత్తం 800 టెస్టు రన్లు. ప్రోడక్టులో ఏ తప్పూ లేకుండా 24 సార్లు ఫెయిల్ అయ్యాయి, అంటే 3 శాతం. చిన్న అంకెలా ఉంది కదా. ఫెయిళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయనుకుంటే, 96 టెస్టులతో ఒక రాత్రి కనీసం ఒకటైనా ఉత్తినే ఫెయిల్ అయ్యే అవకాశం ఇంత:

```
1 - 0.97^96 = 0.946
```

అంటే ఇంచుమించు రోజూ ఎర్రగానే ఉంటుంది. రోజూ ఎర్రగా ఉండే రిపోర్టును రెండో వారం నుంచి ఎవరూ తెరవరు.

కొలిచేటప్పుడు `retries: 0` పెట్టడం ముఖ్యం. రీట్రై ఉంటే రెండోసారి పాస్ అయినదాన్ని ప్లేరైట్ `flaky` అని వేరుగా చూపిస్తుంది గానీ జాబ్ ఆకుపచ్చగానే వస్తుంది, దాంతో అసలు రేటు లెక్కలోకి రాదు.

నాలుగు రిలీజుల్లో టెస్టులు సరిచేయడానికి 14 గంటలు, ఫెయిల్ ఎందుకయిందో చూడడానికి 11, ఎన్విరాన్‌మెంట్‌కు 4 గంటలు పట్టాయి. గంటలు ఎవరికి వారు రోజూ రాసుకున్నారు. రాయడం మరిచిన రోజులను కమిట్లతో సరిచూశాం:

```
git log --since="8 weeks ago" --numstat -- tests/
```

మొదటి రెండు కలిపితే ఒక టెస్టుకు, ఒక రిలీజుకు 0.31 గంట (25 ÷ 80). 96 టెస్టులకు అది 30 గంటలు, ఎన్విరాన్‌మెంట్‌కు ఇంకో గంట. చేతి పనిలో మిగిలేది రిలీజుకు 14 గంటలు.

ఇప్పటిదాకా: ఆదా 14, మెయింటెనెన్స్ 31. రిలీజుకు 17 గంటల నష్టం.

పైలట్ లేకుండా 96 టెస్టులూ రాసేసి ఉంటే ఈ సంగతి తెలిసేది ఆరు నెలల తరువాతే. పాత షీటులో మెయింటెనెన్స్ అనే వరుసే లేదు.

## దశ 5: 24 ఫెయిళ్ల కారణాలు, ఏం మార్చాం

ఒక్కొక్కదాన్ని ట్రేస్ తెరిచి చూశాం. 11 ఫెయిళ్లు ఈఎంఐ లెక్కయ్యే దాకా ఆగడానికి పెట్టిన `waitForTimeout(5000)` వల్ల. ఎన్విరాన్‌మెంట్ నెమ్మదిగా ఉన్న రాత్రి 5 సెకన్లు చాలలేదు. 7 ఫెయిళ్లు ఉమ్మడి లోన్ ఖాతా వల్ల: పగలు ఒక టెస్టర్ ఆ లోన్‌ను మూసేశాడు, రాత్రి టెస్టు దాన్నే వెతికింది. 4 ఫెయిళ్లు నెలాఖరులో 29, 30, 31 తేదీల్లో తదుపరి ఇన్‌స్టాల్‌మెంట్ తేదీ దగ్గర. రెండింటి కారణం తేలలేదు.

మార్పులు:

1. గుడ్డిగా ఆగడం తీసేసి, రావాల్సిన విలువ కోసం ఆగడం పెట్టాం.
2. ప్రతి టెస్టూ తన లోన్‌ను దశ 2 స్క్రిప్టుతో తానే తయారు చేసుకుంటుంది.
3. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో సర్వర్ బిజినెస్ తేదీని స్థిరంగా ఉంచాం. బ్రౌజర్ గడియారం మార్చితే సరిపోదు, ఇన్‌స్టాల్‌మెంట్ తేదీ లెక్కయ్యేది సర్వర్‌లో. నెలాఖరు కేసులకు విడిగా రెండు టెస్టులు, కావాలనే 31 తేదీ పెట్టి.
4. పొడవాటి ఎక్స్‌పాత్‌ల బదులు డెవలపర్లు `data-testid` ఇచ్చారు.

మార్చిన టెస్టును మళ్లీ గుంపులో కలిపే ముందు ఇలా 20 సార్లు నడిపాం:

```
npx playwright test part-payment.spec.ts --repeat-each=20
```

ఈ మరమ్మతుకు 36 గంటలు పట్టింది. దీన్ని మెయింటెనెన్స్‌లో దాచకుండా, ఒకసారి అయ్యే కట్టుబడి ఖర్చులోనే కలిపాం. తరువాతి 8 వారాల్లో 800 రన్లకు 3 తప్పుడు ఫెయిళ్లే. సరిచేయడానికి 4 గంటలు, ఫెయిళ్లు చూడడానికి 2, ఎన్విరాన్‌మెంట్‌కు మళ్లీ 4. టెస్టుకు, రిలీజుకు 0.31 గంట నుంచి 0.075కు తగ్గింది.

ఇంకో లోపం ఆదా వైపు బయటపడింది. ఆటోమేట్ అయిన 20 కేసులనూ టెస్టర్లు మొదటి రిలీజులో మళ్లీ చేతితో చేశారు. నమ్మకం లేకపోవడం అని సరిపెట్టుకోకుండా ఎందుకో అడిగితే కారణం సరైనదే. పార్ట్ పేమెంట్ టెస్టు స్క్రీన్ మీద "చెల్లింపు విజయవంతం" వచ్చిందా అని మాత్రమే చూస్తోంది. టెస్టర్ ఆ తరువాత లెడ్జర్ తెరిచి లెక్క చూస్తాడు: బాకీ ₹2,00,000, వడ్డీ 12 శాతం, 15 రోజులు గడిచాక ₹50,000 కడితే ముందు వడ్డీకి ₹986.30 పోవాలి, అసలుకు ₹49,013.70, మిగిలే బాకీ ₹1,50,986.30. జమ క్రమం తిరగబడితే ₹1,50,000 అని వస్తుంది. మెసేజ్ మాత్రం రెండు సందర్భాల్లోనూ అదే. అందుకే ఇది చేరింది:

```
await expect(page.getByTestId('outstanding'))
  .toHaveText('1,50,986.30');
```

ఇలాంటి తనిఖీలు చేరుతూ రాగా నాలుగు రిలీజుల్లో చేతితో మళ్లీ చేసినవి 20, 13, 6, 3. లెక్కలో ఎప్పటికీ 10 శాతం మిగులుతుందని పెట్టాం.

ఆదా 336 నుంచి 302 గంటలు. మెయింటెనెన్స్ 96 × 0.075 అంటే 7.2, ఎన్విరాన్‌మెంట్ 1, రిలీజుకు 8.2 గంటలు, ఏడాదికి 197. నికరం 105 గంటలు. కట్టుబడి 110 + 120 + 36 + మిగతా 76 టెస్టులకు 342 = 608 గంటలు.

ఇప్పటిదాకా: 608 గంటలు పెట్టి ఏడాదికి 105. తిరిగి రావడానికి దాదాపు 5.8 ఏళ్లు.

## దశ 6: 96 నుంచి 36కు

96 టెస్టులూ ఒకే రకం కావు. కేసు వారీగా ఏడాదికి ఆదా అయ్యే నిమిషాలు ఒక కాలమ్‌లో, ఆ టెస్టు మెయింటెనెన్స్ ఇంకో కాలమ్‌లో పెట్టి వరుస కట్టాం. పైన ఉన్న 36 కేసులు (పార్ట్ పేమెంట్, ఫోర్‌క్లోజర్, రోజు క్లోజింగ్ లాంటివి) రిలీజుకు 9 గంటలు తింటున్నాయి. కింద ఉన్న 60 కలిపి 5 గంటలే. అవి ఎక్కువగా ఫారంలో ఫోన్ నంబరుకు పది అంకెలున్నాయా లాంటి చిన్న తనిఖీలు.

ఆ 60 విడిగా చూస్తే ఆదా ఏడాదికి 5 × 24 × 0.9 = 108 గంటలు. మెయింటెనెన్స్ 60 × 0.075 × 24 = 108 గంటలు. అంటే రాసిన శ్రమ మొత్తం వృథా, ఎన్నేళ్లయినా తిరిగిరాదు. "మొత్తం 96కి లాభమే" అన్న సగటు ఈ సంగతిని పూర్తిగా కప్పేసింది. పైలట్‌లో రాసిన 20లో 6 ఈ గుంపువే, వాటిని తీసేశాం.

మిగిలిన 36లో 14 పైలట్‌లో ఉన్నాయి. రాయాల్సిన 22 కేసుల్లో తనిఖీ అంతా వడ్డీ, లెడ్జర్ అంకెల మీదే, స్క్రీన్‌తో పని లేదు. వాటిని ఏపీఐ స్థాయికి దించాం. అంచనా ఒక్కోదానికి 2.5 గంటలు, అంటే 55 గంటలు. డెవలపర్ల దగ్గర ఇప్పటికే 30 ఏపీఐ టెస్టులున్నాయి. వాటి ఆరు నెలల చరిత్ర చూస్తే 12 రిలీజుల్లో మరమ్మతుకు 7 గంటలు, అంటే టెస్టుకు 0.02 గంట. ఏపీఐ టెస్టు స్క్రీన్‌ను చూడదు కాబట్టి ప్రతి రిలీజుకు అరగంట చేతి తనిఖీ ఉంచాం, ఏడాదికి 12 గంటలు.

ఇక బగ్ త్వరగా దొరకడం. "ప్రొడక్షన్‌లో బగ్ వంద రెట్లు ఖర్చు" లాంటి మాటలు పక్కన పెట్టి సొంత టికెట్లు చదివాం. ఆరు నెలల్లో రిగ్రెషన్‌లో దొరికిన బగ్‌లు 31. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న: ఈ 36 టెస్టుల్లో ఏదైనా దీన్ని పట్టేదా? ఏ టెస్టు, ఏ లైనో చెప్పగలిగితేనే అవును. అలా వచ్చినవి 9. అదే మాడ్యూల్‌లో ఒక రోజులోపు దొరికిన బగ్‌లకు సగటున 2.5 గంటలు, రిలీజు చివర దొరికినవాటికి 5.5. తేడా 3 గంటలు. 9 × 2 × 3, ఏడాదికి 54 గంటలు. త్వరగా దొరికేవి స్వభావంలోనే తేలికైనవి అయ్యే అవకాశం ఉంది, అందుకే వేరే మాడ్యూళ్ల బగ్‌లతో పోల్చలేదు, ఈ అంకెను విడి వరుసలో ఉంచాం.

ప్రొడక్షన్‌కు జారిపోయినవి ఏడాదిలో 7. ఈ టెస్టులు పట్టగలిగేవి 2. ఒకదానికి లెడ్జర్ దిద్దుబాట్లతో 38 గంటలు, ఇంకోదానికి 16. అది కూడా విడి వరుస. ఏడాదికి రెండు సంఘటనల మీద ఆధారపడిన అంకె అది, వచ్చే ఏడాది సున్నా కావచ్చు.

## దశ 7: గంటలను రూపాయలు చేయడం

ఇక్కడ లెక్క మళ్లీ కుంగింది. ఆదా అయ్యేది ₹600 గంట, ఖర్చయ్యేది ₹900 గంట. గంటల్లోనే చూపించి ఉంటే ఈ తేడా కనబడేది కాదు.

- చేతి పని ఆదా: 9 × 24 × 0.9 = 194 గంటలు, అరగంట తనిఖీలు తీసేస్తే 194 − 12 = 182 గంటలు, ₹1,09,200
- మెయింటెనెన్స్: 60 గంటలు, ₹54,000
- సీఐ మెషీన్: ₹12,000
- నికరం: ఏడాదికి ₹43,200

మెయింటెనెన్స్ 60 ఎలా వచ్చిందంటే: 14 యూఐ టెస్టులు, 22 ఏపీఐ టెస్టులు, ఎన్విరాన్‌మెంట్ కలిపి రిలీజుకు 2.5 గంటలు.

కట్టుబడి మొత్తం 266 + 55 = 321 గంటలు, ₹2,88,900. తిరిగొచ్చే కాలం మూడు వరుసలుగా:

1. చేతి పని ఆదా మాత్రమే: ₹43,200, 6.7 ఏళ్లు.
2. దానికి త్వరగా దొరికిన బగ్‌లు కలిపితే: ₹91,800, 3.1 ఏళ్లు.
3. ప్రొడక్షన్ బగ్‌లు కూడా కలిపితే: ₹1,40,400, 2.1 ఏళ్లు.

ఒకే అంకె అడిగారు, ఇవ్వలేదు. మూడు వరుసల్లో దేన్ని నమ్మాలో నిర్ణయించాల్సింది డబ్బు ఇచ్చేవాళ్లు, వాళ్లకు తెలియాల్సింది ఏ వరుస దేని మీద నిలబడిందన్నది.

పత్రంలో రెండు విషయాలు విడిగా రాశాం. మొదటిది, ₹1,09,200 జీతాల్లో తగ్గదు. ఇద్దరు టెస్టర్లు ఇద్దరూ ఉంటారు, వాళ్ల 182 గంటలు ఇప్పుడు ఎవరూ చేయని పనికి పోతాయి. ఆ పని పేరు రాయకపోతే ఆ వరుస కాగితం మీద ఆదానే. ఇక్కడ రాసింది: గుంపు 3లోని 23 క్రెడిట్ బ్యూరో, ఓటీపీ కేసులకు తప్పుడు స్పందనల పరీక్ష. రెండోది, రిలీజు సమయం. ఇప్పుడు 28 గంటల పని ఇద్దరికి, రోజుకు ఆరు గంటల అసలు టెస్టింగ్ లెక్కన 2.3 రోజులు. ఆటోమేషన్ తరువాత 1.7 రోజులు. అరరోజుకు కాస్త పైన మిగులుతుంది. "గంటలో రిగ్రెషన్" అన్న మాట ఎక్కడా రాయలేదు.

రిలీజులు వారానికోటి చేస్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు. మెయింటెనెన్స్ స్క్రీన్ మార్పులతో పెరుగుతుంది గానీ రిలీజుల సంఖ్యతో కాదు, కాబట్టి లెక్క ఆటోమేషన్ వైపు మొగ్గుతుంది. కానీ ఆదాను 24 నుంచి 48కి గుణిస్తే మళ్లీ పాత షీటు తప్పే. వారానికోసారి రిలీజ్ అయితే ఈ 36 కేసులూ ప్రతిసారీ చేతితో చేస్తారా అని ముందు తేల్చాలి. వారపు రిలీజుకు తేదీ ఖరారయ్యేదాకా ఈ వరుస పత్రంలోకి రాదు.

## దశ 8: ఇప్పుడు నిర్ణయం దేని మీద

266 గంటలు ఇప్పటికే ఖర్చయ్యాయి. ఆపినా తిరిగిరావు, కొనసాగించినా మళ్లీ పడవు. పాత ఖర్చుతో కలిపి చూపిన 6.7 ఏళ్లు తరువాతి ప్రాజెక్టుకు పాఠంగా పనికొస్తుంది గానీ, ఈ వారం తీసుకోవాల్సిన నిర్ణయానికి కాదు. ఆ నిర్ణయం 22 ఏపీఐ టెస్టుల గురించి మాత్రమే:

1. ఆ 22 కేసుల చేతి పని రిలీజుకు 5.5 గంటలు. ఏడాదికి, 10 శాతం తీసేస్తే, 119 గంటలు. అరగంట తనిఖీలు పోతే 107 గంటలు, ₹64,200.
2. మెయింటెనెన్స్ 11 గంటలు, ₹9,900.
3. నికరం ₹54,300. రాయడానికి 55 గంటలు, ₹49,500. 11 నెలలు.

ఇది ఆమోదం పొందింది. మిగతా 60 టెస్టుల అభ్యర్థనను మేమే వెనక్కి తీసుకున్నాం. ఆపే షరతు కూడా పత్రంలోనే ఉంది: వరుసగా మూడు రిలీజుల్లో మెయింటెనెన్స్ 5 గంటలు దాటితే కొత్త టెస్టులు ఆగుతాయి, చేతితో మళ్లీ చేసినవి 10 శాతం దాటితే ఆదా వరుస తగ్గుతుంది.

తాజా కొలత: 8 ఏపీఐ టెస్టులు పూర్తి, 25 గంటలు పట్టింది. ఒక్కోటి 2.5 కాదు, 3.1. అదనపు సమయం అంతా ఫోర్‌క్లోజర్ చార్జీల మీద జీఎస్‌టీ ఎంత రావాలో ముందుగా కాగితం మీద తేల్చుకోవడానికే పోయింది, టెస్టు రాయడానికి కాదు. మిగతా 14కు అదే రేటు వేస్తే మొత్తం 55 బదులు 69 గంటలు, ₹62,100. పత్రంలో 11 నెలలు కొట్టేసి 14 అని మార్చి మళ్లీ పంపాం.